మొదటి డైరెక్టర్ సంతకం

కొత్త ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పనికి ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: "ఇంతకుముందు మీరు ఏ కంపెనీలోనైనా డైరెక్టర్‌గా ఉన్నారా?" భార్య కూడా డైరెక్టర్ అవుతుంటే, ఆవిడ తరఫున భర్త లేదని చెబితే సరిపోదు. భార్య నోటే వినాలి.

ఈ మధ్య గుంటూరు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఇద్దరే వాటాదారులు, ఇద్దరే డైరెక్టర్లు. మొదటి డైరెక్టర్లకు డిన్ లేకపోతే SPICe+ ఫారంలోనే ముగ్గురి దాకా ఇస్తారు, విడిగా దరఖాస్తు అక్కర్లేదు. అందుకే ఆయన ధీమాగా, "ఆవిడ చేత సంతకం నేను పెట్టిస్తాలెండి" అన్నారు. నేను ఒప్పుకోకుండా ఆ ప్రశ్న ఆవిడనే అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పెళ్లికి ముందు నాన్నగారి కంపెనీలో ఏవో కాగితాల మీద సంతకం పెట్టానండీ" అన్నారు. పాన్ పెట్టి వెతికితే పాత డిన్ దొరికింది. దాని పక్కన ఇలా ఉంది: "Deactivated due to non-filing of DIR-3 KYC".

ఒక మనిషికి ఒకటే డిన్. రెండోది తీసుకోవడం చట్టరీత్యా తప్పు. కాబట్టి పాత నంబరుకే కేవైసీ చేసి బతికించుకోవాలి. అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. ఆ పాత కంపెనీ వరసగా మూడేళ్లు లెక్కలు గానీ వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయకపోతే అందులోని డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులు. 2017లో ఇలా మూడు లక్షల మందికి పైగా అనర్హుల జాబితాకెక్కారు. ఈవిడ నాన్నగారు లెక్కలన్నీ వేళకే ఇచ్చారు కాబట్టి గండం తప్పింది.

అప్పుడు DIR-2 ఆవిడ ముందు పెట్టాను. డైరెక్టర్‌గా ఉండటానికి సమ్మతిస్తున్నానని, అనర్హురాలిని కానని రాసిచ్చే కాగితం అది. ప్రతి వాక్యం తెలుగులో చెప్పి, పేరు పాన్‌లో ఉన్నట్టే రాయించాను. పాన్‌లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటే ముందే ఒకటి చేయించుకోవాలి. తండ్రి పేరు దగ్గర భర్త పేరు రాయకూడదు. మన ఇళ్లలో ఫారాలు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ వచ్చాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. 30 రోజుల్లో తొలి బోర్డు సమావేశం జరగాలి. అందులో ఇద్దరూ తమకు వేరే ఏ సంస్థల్లో వాటాలు, పదవులు ఉన్నాయో MBP-1లో చెప్పాలి, ఆడిటర్ని నియమించాలి. వాటా సొమ్ము బ్యాంకులో వేసి 180 రోజుల్లోగా INC-20A దాఖలు చేయాలి. అది దాఖలయ్యేదాకా వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు.

మొదటి డైరెక్టర్ల వివరాలు SPICe+లోనే వెళతాయి కాబట్టి వాళ్లకు DIR-12 విడిగా వేయనక్కర్లేదు. రేపు కొడుకును చేర్చుకుంటే మాత్రం సమ్మతి పత్రం జతచేసి, నియమించిన 30 రోజుల్లోగా DIR-12 వేయాలి. ఆ మాట ఆవిడకే చెప్పి, ఆవిడ సంతకం చేసిన DIR-2 నకలు ఒకటి ఆవిడ చేతికే ఇచ్చాను.