పాము కాట్ల లెక్క

వైకుంఠపాళి ఆడినవాళ్లకు ఈ అనుభవం తప్పదు. పటం పైవరుసల దాకా పాకిన కాయ పెద్ద పాము నోట్లో పడి మళ్లీ అడుగుకు జారుతుంది. ఇక ఈ ఆట ఎప్పటికి తెములుతుందని అప్పుడు విసుగు పుడుతుంది. ఆ విసుగులో అడిగే ప్రశ్నకు గణితంలో కచ్చితమైన జవాబుంది. ఏ పటమైనా ఇవ్వండి, పాములూ నిచ్చెనలూ ఎక్కడున్నాయో చెప్పండి, సగటున ఎన్ని వంతుల్లో ఆట ముగుస్తుందో పాచిక వేయకుండానే చెప్పవచ్చు. నన్ను ఆకట్టుకున్నది ఆ జవాబుకన్నా దాన్ని తీసే మాత్రిక పనితనం. అందులోని ప్రతి అంకె ఆటలో జరిగే ఏదో ఒక సంగతిని పట్టి చూపిస్తుంది.

ఈ ఆటకు ఇంత చక్కని లెక్క కుదరడానికి కారణం కాయకు జ్ఞాపకం లేకపోవడం. పేకాటలో ఏ ముక్కలు బయటపడ్డాయో గుర్తుంటేనే తర్వాతి అంచనా సరిగ్గా వస్తుంది. ఇక్కడ 47వ గడిలో ఉన్న కాయ అక్కడికి నిచ్చెనెక్కి వచ్చిందా, పాము మింగితే జారి వచ్చిందా అన్నది అనవసరం. ఇక ముందు జరగబోయేది ఇప్పుడున్న గడి మీదా, పడబోయే పందెం మీదా మాత్రమే ఆధారపడుతుంది. ఇలాంటి వరసల మీద రష్యా గణితజ్ఞుడు ఆంద్రేయ్ మార్కొవ్ 1906లో పరిశోధన మొదలుపెట్టాడు. 1913లో ఆయన పుష్కిన్ రాసిన ‘యెవ్గేనీ అనేగిన్’ నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తర్వాత అచ్చు వస్తుందా, హల్లు వస్తుందా అని చేత్తో లెక్కపెట్టాడు. మార్కొవ్ గొలుసు అన్న పేరు ఆయన వల్లే వచ్చింది.

పెద్ద పటం తీసుకుంటే అంకెల్లో మునిగిపోతాం. అందుకని ఆరు గడుల బుల్లి పటం ఒకటి గీశాను. కాయ పటం బయట, అంటే 0 దగ్గర మొదలవుతుంది. పాచికకు బదులు రూపాయి బిళ్ల. బొమ్మ పడితే ఒక గడి, బొరుసు పడితే రెండు గడులు నడవాలి. 1వ గడి నుంచి 4కి నిచ్చెన ఉంది. 5వ గడిలో ఉన్న పాము తోక 2లో ఉంది. 6 చేరితే పండినట్టే.

మొదట చేయాల్సిన పని, కాయ నిజంగా ఎక్కడెక్కడ ఆగగలదో చూడటం. 1లో ఎవరూ నిలవరు, కాలు పెట్టగానే 4కి ఎక్కుతారు. 5లోనూ నిలవరు. కాబట్టి వంతు ముగిసేసరికి కాయ ఉండగల చోట్లు 0, 2, 3, 4, చివరికి 6. చేరాక బయటికి రాని 6ని పక్కన పెడితే నాలుగు మిగులుతాయి. ఒక్కో గడికీ ఒక్కో అడ్డువరుస కేటాయించి, అక్కడి నుంచి ఒక్క వంతులో ఏ గడికి వెళ్లే అవకాశం ఎంతో రాస్తే సంక్రమణ మాత్రికలో మనకు కావలసిన భాగం వస్తుంది. దాన్ని Q అందాం.

```
       0     2     3     4
0      0    1/2    0    1/2
2      0     0    1/2   1/2
3      0    1/2    0    1/2
4      0    1/2    0     0
```

మొదటి వరుస చూడండి. 0 నుంచి బొమ్మ పడితే 1కి వెళ్లి, నిచ్చెనెక్కి 4 చేరుతుంది. బొరుసు పడితే 2. పై మూడు వరుసల్లోనూ మొత్తం 1 వస్తుంది. 4వ గడి వరుసలో మాత్రం సగమే ఉంది, ఎందుకంటే మిగతా సగం 6కి, అంటే ఆట బయటికి పోతోంది. ఈ కారిపోయే సగమే లేకపోతే ఆట ఎన్నటికీ ముగియదు.

ఇక అసలు పనితనం. Q ఒక వంతు తర్వాత సంగతి చెబుతుంది. Qని Qతో గుణిస్తే రెండు వంతుల తర్వాత కాయ ఏ గడిలో ఎంత అవకాశంతో ఉంటుందో వస్తుంది, మళ్లీ గుణిస్తే మూడు వంతుల తర్వాతది. ఇప్పుడు మొదలుతో సహా వీటన్నిటినీ కూడితే, ఒక్కో గడిలో కాయ సగటున ఎన్నిసార్లు నిలుస్తుందో తేలుతుంది. కూడాల్సినవి అంతులేనన్ని. కానీ బడిలో నేర్చిన గుణశ్రేఢి ఇక్కడ అక్కరకొస్తుంది. 1 + 1/2 + 1/4 + … అంటూ పోతే మొత్తం 2, అంటే 1ని (1 − 1/2)తో భాగించినట్టు. మాత్రికలకూ అదే సూత్రం చెల్లుతుంది, భాగహారం స్థానంలో విలోమం వస్తుంది, అంతే.

```
N = I + Q + Q² + Q³ + … = (I − Q)⁻¹
```

ఇక్కడ I యూనిట్ మాత్రిక. ఆట నుంచి అవకాశం కొంచెం కొంచెంగా కారిపోతూ ఉంటుంది కాబట్టి Q ఘాతాలు సున్న వైపు కుంచించుకుపోతాయి, మొత్తం ఒక హద్దులో నిలుస్తుంది. జాన్ కెమెనీ, లారీ స్నెల్ 1960లో ప్రచురించిన ‘ఫైనైట్ మార్కొవ్ చెయిన్స్’ పుస్తకంలో ఈ Nని మౌలిక మాత్రికగా నిలబెట్టి, గొలుసు గురించిన చాలా ప్రశ్నలకు దాని నుంచే జవాబులు తీశారు.

మన పటానికి N మొదటి వరుస 1, 2, 1, 2. అంటే ఒక ఆటలో కాయ 0 దగ్గర ఒకసారి, 2లో సగటున రెండుసార్లు, 3లో ఒకసారి, 4లో రెండుసార్లు నిలుస్తుంది. ఇది నిజమో కాదో వేళ్ల మీద చూసుకోవచ్చు. 2కి రావాలంటే 0 నుంచో, 3 నుంచో, 4 నుంచో రావాలి, ప్రతి చోటి నుంచీ సగం అవకాశంతో. 1, 1, 2లలో సగాలు కూడితే 2. అలాగే 3కి దారి 2 నుంచే, రెండులో సగం ఒకటి. 4కి 0, 2, 3ల నుంచి: సగం, ఒకటి, సగం, వెరసి 2. చివరగా, 4లో నిలిచిన రెండుసార్లలో సగం, అంటే సరిగ్గా ఒక్కసారి, కాయ 6లోకి పోతుంది. ఆట ముగిసేది ఒక్కసారే కదా! ఇలా లెక్క తనను తానే సరిచూసుకుంటుంటే నాకు ఎన్నిసార్లు చూసినా సంతోషంగానే ఉంటుంది.

నిలిచిన ప్రతిసారీ ఒక వంతు వేయాలి. కాబట్టి వరుసను కూడితే సగటు వంతులు: 1 + 2 + 1 + 2 = 6.

అదే వరుస అడగని సంగతులు కూడా చెబుతుంది. పాము నోట్లో పడేది 4లో బొమ్మ పడినప్పుడూ, 3లో బొరుసు పడినప్పుడూ. రెండులో సగం, ఒకటిలో సగం, అంటే ఆటకు సగటున ఒకటిన్నర కాట్లు. నిచ్చెన ఎక్కేది ఆటకు అరసారి. పాము మొత్తం ఖరీదు తెలుసుకోవాలంటే దాన్ని చెరిపేసి, 5ని మామూలు గడి చేసి, 6 దాటిపోయే పందెం పడితే కాయ కదలకూడదనే నియమంతో మళ్లీ లెక్క వేస్తే చాలు. అప్పుడు సగటు 3.75. పాము ఒక్కటే ఆటకు 2.25 వంతులు కలిపిందన్నమాట.

పెద్ద పటాలకు కంప్యూటర్ కావాలి. విలోమం తీయకుండా నేరుగా సమీకరణాలు సాధిస్తే సరిపోతుంది.

```python
import numpy as np
Q = np.array([[0, .5,  0, .5],
              [0,  0, .5, .5],
              [0, .5,  0, .5],
              [0, .5,  0,  0]])
t = np.linalg.solve(np.eye(4) - Q, np.ones(4))
print(t)
```

జవాబుగా వచ్చేవి 6, 6, 6, 4. అంటే 0, 2, 3, 4 గడుల నుంచి ఇంకా పట్టే సగటు వంతులు.

తప్పు ఎక్కువగా జరిగేది మాత్రిక రాసేటప్పుడే. పాము తలకూ నిచ్చెన మొదలుకూ కూడా వరుసలిచ్చి, అక్కడి నుంచి తోకకో పైమెట్టుకో 1 అవకాశం రాస్తే చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ జారడానికీ ఎక్కడానికీ చెరో వంతు ఖర్చు రాసినట్టవుతుంది. మన పటంలో ఒకటిన్నర కాట్లు, అరసారి నిచ్చెన, మొత్తం రెండు వంతులు అదనంగా చేరి జవాబు 8 వస్తుంది. పొరపాటున 6వ గడిని Qలోనే ఉంచేస్తే మాత్రం దాచుకోవడానికి వీల్లేదు. ఆ మాత్రికకు విలోమమే ఉండదు, కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. అందుకే నిశ్శబ్దంగా 8 చూపించే మొదటి తప్పంటేనే నాకు ఎక్కువ భయం.

ఇక పెద్ద పటం. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ తెచ్చిన ‘షూట్స్ అండ్ ల్యాడర్స్’లో 100 గడులు, 9 నిచ్చెనలు, పాములకు బదులు 10 జారుడుబల్లలు. 0 నుంచి 99 దాకా ఉన్న వంద చోట్లలో కాయ నిలవని 19 తీసేస్తే 81 మిగులుతాయి, Q కూడా అంతే. ఆట సగటు 39 వంతుల పైచిలుకు. అతి చిన్న ఆటకు 7 చాలు.

ఈ 39 ఎక్కువా తక్కువా అని తెలియాలంటే ఖాళీ పటంతో పోల్చాలి, దానికి మాత్రికే అక్కర్లేదు. సరిగ్గా 100 పడాలనీ, ఎక్కువ పడితే కాయ కదలదనీ నియమం అనుకుందాం. 94 నుంచి 99 దాకా ఏ గడిలో ఉన్నా పాచిక ఆరు ముఖాల్లో ఒక్కటే ఆటను ముగిస్తుంది. వేరే పందెం పడి ముందుకు కదిలినా ఆ ఆరు గడుల్లోనే ఉంటాం. కాబట్టి 94 దగ్గరున్నా 99 దగ్గరున్నా ఇంకా పట్టేది సగటున ఆరు వంతులే. ఆ చివరి ఆరు గడుల్లోకి చేరడానికి సగటున 27⅓ వంతులు, మొత్తం 33⅓. అమెరికా పటంలో 93, 95, 98 గడుల్లో జారుడుబల్లలున్నాయి, గమ్యం ముంగిట్లోనే కాపు కాసినట్టు. 80 నుంచి నేరుగా 100కి ఒక నిచ్చెన ఉన్నా, ఆ పటం ఖాళీ పటం కన్నా నిదానంగానే సాగుతుంది.

సగటును మాత్రం ‘మామూలుగా జరిగే ఆట’ అనుకోకూడదు. మన బుల్లి పటం సగటు 6 అయినా, సరిగ్గా సగం ఆటలు నాలుగు వంతుల్లోపే ముగుస్తాయి. రెండో వంతుకే పండే అవకాశం పావు వంతు ఉంది. పాము దగ్గర పదేపదే చిక్కుకున్న కొన్ని ఆటలు సగటును పైకి లాగుతాయి.

ఇప్పుడు ఆ పటం మీద ఇంకో పాము గీద్దాం, 3వ గడి నుంచి మళ్లీ మొదటికి, 0కి. సగం దారి నడిచినవాణ్ణి పటం బయటికి తోసే పాము. చూడగానే ఆట ఇంకా సాగిపోతుందనిపిస్తుంది. కానీ Q దగ్గరికి వెళ్లి 0 వరుసనూ 3 వరుసనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒక్కటే: సగం 2కి, సగం 4కి. 3లో నిలిచిన కాయకూ 0లో నిలిచిన కాయకూ ముందున్న భవిష్యత్తు అక్షరాలా ఒకటే. కొత్త పాము ఎన్నిసార్లు కాటేసినా సగటు ఆరే ఉంటుంది.