పద్య ధారణలో అర్థ నిలుపుదల: ఖండాన్వయ బోధనా పద్ధతి – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో పద్య బోధన సాధారణంగా మూడు అంచెలుగా సాగుతుంది. ఉపాధ్యాయుడు పద్యాన్ని రాగయుక్తంగా చదువుతాడు. విద్యార్థులు పాదం వెంట పాదం అనుసరించి పలుకుతారు. తరువాత ప్రతిపదార్థం, ఆపైన తాత్పర్యం చెప్పడం జరుగుతుంది. నక్షత్రం గుర్తున్న పద్యాలను విద్యార్థి కంఠస్థం చేయాలి. ఈ క్రమంలో పద్యం నోటికి వస్తుంది, తాత్పర్యమూ నోటికి వస్తుంది. కాని ఒకదానిని మరొకటి గుర్తుచేయదు. పరీక్షలో రెండూ తప్పులు లేకుండా రాసిన విద్యార్థిని, తాత్పర్యంలోని ఫలానా మాట పద్యంలో ఏ పదం నుండి వచ్చిందని అడిగితే చెప్పలేకపోవడం తెలుగు ఉపాధ్యాయులకు కొత్త అనుభవం కాదు.

ఈ లోపానికి కంఠస్థం కారణమని, దానిని తగ్గించాలని ఒక వాదం ఉంది. అసలు లోపం కంఠస్థంలో లేదు. కంఠస్థానికి ఎంచుకొన్న ఖండంలో ఉంది. పాదం ఛందస్సుకు ప్రమాణం గాని అర్థానికి కాదు. పాదాన్ని ప్రమాణంగా తీసుకొని వల్లె వేయించినప్పుడు అర్థం ఎక్కడ తెగుతుందో, సంప్రదాయ వ్యాఖ్యాన విధానమైన ఖండాన్వయం దానిని ఎలా కలుపుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంప్రదాయంలో రెండు ధారణలు

భారతీయ అధ్యయన సంప్రదాయం శబ్ద ధారణను, అర్థ ధారణను వేర్వేరుగా గుర్తించింది. వేదాధ్యయనంలో సంహితా పాఠాన్ని విడదీసి పద పాఠం, పదాలను రెండేసిగా జతపరచి క్రమ పాఠం చెప్పించారు. క్రమంలో మొదటి పదం రెండవ దానితో, రెండవది మూడవ దానితో కలుస్తుంది. సంధిలో అక్షరం మారకుండా, పదం జారిపోకుండా కాపాడడం వీటి ప్రయోజనం. అర్థం చెప్పడం వీటి పని కాదు. అందుకే యాస్కుడు నిరుక్తంలో, వేదం చదివి అర్థమెరుగని వాడిని బరువు మోసే స్థాణువుతో పోల్చిన వచనాన్ని ఉదాహరించాడు.

అర్థ ధారణకు వేరే ఉపకరణం కావ్య వ్యాఖ్యానంలో ఉంది. అదే అన్వయం. పదాలన్నింటినీ వచన క్రమంలో ఒకేసారి పేర్చడం దండాన్వయం. ప్రధాన క్రియను ముందు పట్టుకొని, ఎవరు, దేనిని, ఎక్కడ, ఎట్టిది అని ప్రశ్నిస్తూ ఒక్కొక్క పదాన్ని దానికి చేర్చడం ఖండాన్వయం. దండాన్వయంలో ఉపాధ్యాయుడు ఫలితాన్ని అందిస్తాడు. ఖండాన్వయంలో విద్యార్థి దానిని నిర్మిస్తాడు. నేటి పాఠ్యపుస్తకాలు ప్రతిపదార్థాన్ని నిలుపుకొన్నాయి గాని, ప్రశ్నలతో సాగే ఈ అన్వయ భాగాన్ని చాలావరకు వదిలివేశాయి.

ఒక పద్యంలో అన్వయం

చర్చ సౌలభ్యం కోసం మాత్రమే కల్పించిన ఈ ఆటవెలదిని పరిశీలించవచ్చు:

గాదెలోన దాచు గట్టి విత్తన మెట్లు
మొలక లెత్తు నేల ముట్టకున్న
పరుల కొసగనట్టి పాండిత్య మటులనె
మూల నుండి యుండి మూగవోవు

దీనిని పాదం వెంట పాదం వల్లె వేసిన పిల్లవాడు నాలుగు చోట్ల దారి తప్పే అవకాశం ఉంది. మొదటి పాదం చివర ఆగితే ‘మెట్లు’ అన్నది ఒక పదంగా వినిపిస్తుంది. విత్తనానికి మెట్లేమిటో అతడు అడగడు. రెండవ పాదంలో ‘మొలక లెత్తు నేల’ అని ఒక్క ఊపున పలికితే, మొలకలు వచ్చే నేల అనే అర్థం స్ఫురిస్తుంది. తద్ధర్మ రూపం క్రియగానూ విశేషణంగానూ ఉండగలగడం దీనికి కారణం. మొదటి పాదంలోని ‘దాచు’ విశేషణమే. రెండవ పాదంలోని ‘ఎత్తు’ సమాపక క్రియ. మూడవ పాదంలో ఉకార సంధి వల్ల ‘కొసగనట్టి’ అనే లేని పదం పుడుతుంది. నాలుగవ పాదంలో ‘మూల నుండి’ అన్నది నేటి వాడుకలోని ‘మూల నుంచి’ అనే అర్థాన్ని ఇస్తుంది. ఇక్కడ ఉద్దేశించినది మూలన ఉండి అని.

ఈ నాలుగింటిలో ఏదీ కఠిన పదం కాదు. అందువల్ల ‘ఒసగు అనగా ఇచ్చు’ అని చెప్పే ప్రతిపదార్థం వీటిని సరిదిద్దలేదు. తప్పు పదం అర్థంలో కాక, పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, దేనితో కలిసింది అన్న దానిలో ఉంది.

ఖండాన్వయంలో ఉపాధ్యాయుడు ముందుగా క్రియలను అడుగుతాడు. మొదటి వాక్యానికి క్రియ ‘మొలకలెత్తు’. మొలకలెత్తవలసినది ఏది? విత్తనము. ఎట్టి విత్తనము? గట్టిది. దానిని ఎక్కడ దాచారు? గాదెలోన. ఏమి జరగకపోతే మొలకెత్తదు? నేల ముట్టకున్న. ‘ఎట్లు’ అన్నది నిజమైన ప్రశ్నా, కాదన్న భావమా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పే సరికి ‘మెట్లు’ తొలగిపోయి ‘విత్తనము’, ‘ఎట్లు’ విడివడతాయి. రెండవ వాక్యంలో క్రియ ‘మూగవోవు’. మూగవోయేది ఏది? పాండిత్యము. ఎట్టి పాండిత్యము? ఒసగనట్టిది. ఎవరికి? పరులకు. ఏమై ఏమై మూగవోయింది? మూలన ఉండి ఉండి. ‘అటులనె’ అంటే ఎట్లాగు? ఈ ప్రశ్నకు జవాబు రెండవ వాక్యంలో లేదు. విద్యార్థి మళ్లీ విత్తనం దగ్గరకు వెళ్లాలి. పద్యంలోని ఉపమ అతడికి అక్కడ తెలుస్తుంది. తాత్పర్యాన్ని విడిగా రాయించవలసిన పని ఉండదు.

ఇక్కడ పాటించవలసిన నియమం ఒకటి ఉంది. విద్యార్థి జవాబు పద్యంలోని పదంతోనే ఉండాలి. ‘ఎవరికి?’ అన్నప్పుడు ‘ఇతరులకు’ అంటే అర్థం తెలిసినట్టే గాని, ఆ అర్థం పద్య శబ్దానికి ముడిపడలేదు. ‘పరులకు’ అన్న తరువాత ‘అంటే?’ అని మరొక ప్రశ్న వేయాలి.

అన్వయం నుండి ధారణకు

అన్వయం ముగిసిన తరువాతనే కంఠస్థం మొదలవుతుంది. మొదట అర్థ ఖండాలుగా చదివిస్తారు: ‘గాదెలోన దాచు గట్టి విత్తనము’, ‘ఎట్లు మొలకలెత్తు’, ‘నేల ముట్టకున్న’. తరువాత సంధులు కలిపి పద్య రూపంలో చదివిస్తారు. పద పాఠం నుండి సంహితకు వెళ్లే దారి ఇదే. రాగం చివరకు వస్తుంది. మొదటే రాగం కడితే పాదాంత విరామం చెవిలో గట్టిపడి, అర్థ విరామాన్ని అంగీకరించదు.

తరువాతి పని నల్లబల్ల మీది పద్యం నుండి పదాలను తుడిచివేస్తూ చెప్పించడం. ఏ పదాన్ని ముందు తుడవాలన్నది యతిని బట్టి నిర్ణయించవచ్చు. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో మైత్రి ఉంటుంది. ‘మొలక’ అనగానే ‘ముట్ట’, ‘మూల’ అనగానే ‘మూగ’ అందుతాయి. ఇవి ముందు తుడిచినా నష్టం లేదు. ‘నేల’ వంటి పదానికి యతి ఆసరా లేదు. దానిని అర్థమే పిలవాలి. కనుక దానిని చివర తుడవాలి. మౌఖిక సంప్రదాయాల్లో జ్ఞాపకంపై 1995లో వెలువడిన గ్రంథంలో డేవిడ్ రూబిన్, లయ, ధ్వని, అర్థం, దృశ్యం కలిసి విధించే నియమాలే పాఠాన్ని స్థిరంగా ఉంచుతాయని వాదించాడు. ఛందోబద్ధ పద్యంలో ఆ నియమాలు ఎక్కడ బలంగా ఉన్నాయో, ఎక్కడ పలుచబడ్డాయో గుర్తించడం ఉపాధ్యాయుడికి సాధ్యమే.

పునశ్చరణ విషయంలోనూ ఒక మార్పు అవసరం. మరుసటి రోజు, మూడు నాలుగు రోజుల తరువాత, వారం తరువాత పుస్తకం తెరవకుండానే క్రియను మాత్రమే ఇచ్చి పద్యాన్ని రప్పించాలి. రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన పరిశోధనలో, అయిదు నిమిషాల తరువాత చూస్తే మళ్లీ చదివినవారే మెరుగ్గా ఉన్నారు. వారం తరువాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకొన్నవారు మెరుగ్గా ఉన్నారు. ఆ పరిశోధన కళాశాల విద్యార్థులపై, వచన భాగాలతో జరిగింది. పద్యానికీ చిన్న పిల్లలకూ దానిని యథాతథంగా అన్వయించలేము. అయినా తరగతిలో వెంటనే అప్పజెప్పించి తృప్తి పడడంలోని మోసాన్ని అది చూపుతుంది.

తప్పుల విశ్లేషణ

అర్థం నిలిచిందా లేదా అన్నది విద్యార్థి చేసే తప్పును బట్టి తెలుస్తుంది. వారం తరువాత ఒకరు ‘మొలక లెత్తు మన్ను ముట్టకున్న’ అన్నారనుకొంటే, గణం సరిపోయింది, అర్థమూ చెడలేదు. పద్యం అర్థం ద్వారా తిరిగి వచ్చిందనడానికి అది గుర్తు. మరొకరు ‘పరుల కొసరునట్టి’ అంటే శబ్దం దగ్గరగానే ఉంది. అర్థం మాత్రం తలకిందులయింది. ఇద్దరికీ ఒకే మార్కు తగ్గించే మూల్యాంకనం ఈ తేడాను చూడదు. మొదటివారికి మూల పదాన్ని గుర్తుచేస్తే చాలు. రెండవవారికి అన్వయం మళ్లీ చేయించాలి.

పరిమితులు

ఈ పద్ధతికి కాలం ఎక్కువ పడుతుంది. వల్లె వేయించడానికి పది నిమిషాలు చాలిన పద్యానికి అన్వయంతో ఒక పీరియడు పడుతుంది. నిర్దేశించిన పద్యాలన్నింటికీ ఇది సాధ్యం కాకపోతే, పాదాంతంలో వాక్యం తెగని, సంధి వల్ల పద రూపం మరుగుపడిన పద్యాలకు దీనిని ముందుగా వాడాలి. ప్రతి పాదంలో వాక్యం పూర్తయ్యే పద్యానికి దీని అవసరం తక్కువ. ఆరేడేళ్ల పిల్లలు శబ్ద మాధుర్యంతోనే పద్యం నేర్వడం తప్పు కాదు. అయితే పై తరగతిలో అర్థం చెప్పేటప్పుడు పాత విరామాన్ని విప్పడానికి అదనపు శ్రమ పడవలసి వస్తుందని తెలిసి ఉండాలి. దీర్ఘ సమాసాల ప్రబంధ పద్యాలకు క్రియా ప్రశ్నలతో పాటు విగ్రహ వాక్యం కూడా కావాలి.

ముగింపు

పద్యాన్ని పూరించమని ఒక ప్రశ్న, భావం రాయమని మరొక ప్రశ్న ఇచ్చినంతకాలం విద్యార్థి రెండింటినీ విడివిడిగానే వల్లె వేస్తాడు. పద్యంలో అర్థ విరామాలు గుర్తించమనడం, ఒక క్రియను ఇచ్చి దానితో కలిసే పదాలను పద్యం నుండే రాయమనడం ప్రశ్నపత్రంలో సులభంగా చేర్చగల మార్పులు. వాటికి జవాబు రాయాలంటే విద్యార్థి పద్యాన్ని, అర్థాన్ని ఒకేసారి గుర్తుచేసుకోవాలి.