దసరా పోస్టు: చంక నుంచి చంకకు

కొత్త మంగళగిరి కాటన్ కుర్తీల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టగానే రెండు ప్రశ్నలు వస్తాయి. "అక్కా, ఎంత?", "నాకు పడుతుందా?" పండగ ముందు వీటికి ఒక్కొక్కరికీ జవాబు రాస్తూ కూర్చుంటే ప్యాకింగ్ ఆగిపోతుంది. అందుకే రెండింటికీ జవాబు పోస్టులోనే ఉండాలంటాను.

ఎల్, ఎక్స్ఎల్ అని రాస్తే చాలదు. ఒక షాపు ఎల్ ఇంకో షాపులో ఎక్స్ఎల్ అవుతుంది. 40 అని రాసినా, అది ఒంటి కొలతో కుర్తీ కొలతో తెలియాలి. కుర్తీని బల్ల మీద ముడతల్లేకుండా పరిచి, ఒక చంక కింది కుట్టు నుంచి రెండో చంక కింది కుట్టు దాకా టేపు పెడతాను. 20 అంగుళాలు వస్తే కుర్తీ కొలత 40. అది ఛాతీ 38 ఉన్నవాళ్లకి సరిపోతుంది. నేత కాటన్ సాగదు కాబట్టి కనీసం రెండంగుళాల లూజు ఉండాలి. లేకపోతే చెయ్యి ఎత్తగానే చంకల్లో పట్టేస్తుంది, ఛాతీ మీద అడ్డంగా ముడతలు పడతాయి.

పక్క కుట్ల లోపల ఎంత బట్ట వదిలామో కూడా చెప్పాలి. అంగుళం వదిలి ఉంటే, టైలర్ అందులో అర అంగుళం విప్పగలడు. రెండు పక్కలా ముందూ వెనకా కలిపి నాలుగు అంచులు కనుక మొత్తం రెండంగుళాలు పెరుగుతుంది. అయితే చేతుల్లోనూ బట్ట వదిలి ఉంటేనే అది పనికొస్తుంది.

ధర "1,250 నుంచి 2,250" అని వదిలేస్తే మళ్లీ ప్రశ్నలే. తేడా ఎందుకో పక్కనే ఉండాలి. నా పోస్టు ఇలా ఉంటుంది:

"దసరా మంగళగిరి కాటన్ కుర్తీలు. కుర్తీ ఛాతీ కొలత 38, 40, 42, 44. మీ ఒంటి కొలతకి రెండంగుళాలు కలిపి ఎంచుకోండి. నిజాం అంచు ప్లెయిన్ 1,250. మెడకి చేతి ఎంబ్రాయిడరీ ఉంటే 1,850. దానికి లైనింగ్ కూడా ఉంటే 2,250. ఫొటో మీది నంబరు, కుర్తీ కొలత, పిన్‌కోడ్ ఒకే మెసేజ్‌లో పంపండి. ఉందని మేం చెప్పాకే డబ్బు వేయండి."

చివరి వాక్యం చాలా అవసరం. చేతి పని ఉన్నవి ఒక్కో కొలతలో ఒక్కటే ఉంటాయి. ముందే డబ్బు వేయనిస్తే ఒకే కుర్తీకి ఇద్దరు కట్టేస్తారు. పండగ హడావుడిలో ఒకరికి డబ్బు తిరిగి పంపాలి, ఆమెకి వేరే కొనుక్కునే సమయమూ పోతుంది. అందుకే ముందు వచ్చిన మెసేజ్‌కే కుర్తీ పక్కన పెడతాను. డబ్బు పడిందని స్క్రీన్‌షాట్ చూసి నమ్మను, ఖాతాలో చూశాకే ప్యాక్ చేస్తాను. ఆ వెంటనే ఆ నంబరులో ఆ కొలత అయిపోయిందని ఇంకో మెసేజ్ పెడతాను. లేనిదాన్ని ఇంకొకరు అడిగి నిరాశపడకూడదు.