ఒక కొస నుంచి రెండో కొసకు గురి

y'' = (3/2)y² అనే అవకలన సమీకరణాన్ని తీసుకుందాం. x = 0 దగ్గర y విలువ 4, x = 1 దగ్గర 1 అని ఇచ్చారు. మధ్యలో వక్రం ఎలా నడుస్తుందో కనుక్కోవాలి. కంప్యూటర్‌కు అలవాటైన రుంగె-కుట్టా లాంటి పద్ధతులు ఒక కొస నుంచి బయలుదేరి అడుగులో అడుగు వేసుకుంటూ పోతాయి. అవి కదలాలంటే మొదటి కొస దగ్గరే y విలువా కావాలి, వాలు కూడా కావాలి. మనకు విలువ తెలుసు, వాలు తెలియదు. దాని బదులు ఎక్కడో రెండో కొస దగ్గర ఒక షరతు ఉంది. షూటింగ్ పద్ధతి ఈ తెలియని వాలుకు s అని పేరు పెట్టి, ఏదో ఒక విలువ ఇచ్చి, గుండు పేల్చినట్టు వక్రాన్ని వదులుతుంది. అది x = 1 దగ్గర ఎంత ఎత్తులో పడిందో చూసి, గురి సవరించి మళ్లీ పేలుస్తుంది. రెండు కొసల సమస్య ఇలా వరసగా కొన్ని ప్రారంభ విలువల సమస్యలుగా మారిపోతుంది.

ఇది ఊహించి చూడడమే కదా, ఇందులో గణితం ఏముంది అని ఎవరైనా అడగవచ్చు. ఊహ మొదటి మూడు గుండ్లకే పరిమితం. వక్రం పడిన ఎత్తులోంచి కావలసిన 1 తీసేస్తే వచ్చే తేడాను F(s) అందాం. వక్రమంతా తెలియని సమస్య ఇప్పుడు F(s) = 0 అనే ఒక్క సంఖ్య కోసం వెతుకులాటగా కుదించుకుపోయింది. అవకలన సమీకరణం F విలువను లెక్కగట్టే యంత్రమైంది. s = 0 పెట్టి వదిలితే వక్రం x = 1 దగ్గర దాదాపు 87 ఎత్తుకు ఎగిరిపోతుంది. కాబట్టి వాలు గట్టిగా కిందికే ఉండాలి. s = −7 అంటే 3.64 దగ్గర పడుతుంది, s = −9 అంటే −0.96 దగ్గర. లక్ష్యం ఈ రెండింటి మధ్యే ఉంది. ఆ రెండు తప్పులను గీతతో కలిపి, ఆ గీత సున్నాను ఎక్కడ కోస్తుందో చూస్తే −8.149 వస్తుంది. సీకెంట్ పద్ధతి అంటే ఇంతే. ఆ వాలుతో వదిలితే 0.67. చివరి రెండు గుండ్లను మళ్లీ కలిపితే −7.976, ఆ తర్వాత −8.0005. అసలు జవాబు −8, వక్రం y = 4/(1+x)². ఆరో గుండుకే మూడు దశాంశ స్థానాల దాకా వచ్చేశాం. తప్పిన ప్రతి గుండూ తర్వాతి గురికి పనికొచ్చింది కాబట్టే ఇది గుడ్డి వెతుకులాట కాదు.

s కొంచెం మారితే రెండో కొస ఎంత కదులుతుందో నేరుగా కూడా కనుక్కోవచ్చు. సమీకరణాన్ని s పరంగా అవకలనం చేస్తే v'' = 3yv అనే తోడు సమీకరణం వస్తుంది. దాన్ని v(0) = 0, v'(0) = 1 తో మొదలుపెట్టి అసలు వక్రంతో పాటే నడిపిస్తే, v(1) ఇచ్చేది F వాలునే. దాంతో న్యూటన్ పద్ధతి నడుస్తుంది. మన జవాబు దగ్గర దాని విలువ 127/56, అంటే సుమారు 2.27. మొదటి వాలులో 0.01 తప్పు ఉంటే చివర 0.023 తప్పు వస్తుంది. ఇది మచ్చికైన సమస్య అని ఆ ఒక్క సంఖ్యే చెబుతుంది. పెద్ద సంఖ్య వస్తే ఏం జరుగుతుందో తర్వాత చూద్దాం.

షూటింగ్ విలువ నాకు ఎక్కువగా కనిపించేది ఇంకోచోట. ఈ సమస్యకు జవాబు ఒక్కటి కాదు. y'' ఎప్పుడూ ఋణాత్మకం కాదు కాబట్టి ఈ వక్రం ఎప్పుడూ పైకే వంగుతుంది. వాలును −8 కంటే తీవ్రం చేస్తూ పోతే చివరి ఎత్తు కొంతదాకా దిగుతుంది. ఇంకా గట్టిగా కిందికి కొడితే వక్రం లోతుకు వెళ్లి, వంపు తిరిగి, పైకి లేస్తుంది. s ≈ −35.86 దగ్గర అది దాదాపు −10.7 లోతు దాకా వెళ్లి, తిరిగొచ్చి x = 1 దగ్గర సరిగ్గా 1 ఎత్తును అందుకుంటుంది. ఈ రెండో జవాబు లెక్కల తప్పు కాదని తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది: అసలు వక్రం మీద (y')² − y³ ఎక్కడ చూసినా ఒకే విలువగా ఉండాలి. అది మారిపోతుంటే అడుగు పొడవు ఎక్కువైందని అర్థం. అంతరాన్ని గళ్లుగా విడగొట్టి అన్ని బిందువుల విలువలనూ ఒకేసారి సాధించే పరిమిత భేదాల పద్ధతి మెరుగు కదా అంటారు. చాలా సమస్యల్లో అది నిజమే. కానీ అది మనం ఇచ్చిన తొలి ఊహకు దగ్గరున్న జవాబు దగ్గర ఆగిపోతుంది, ఇంకొకటి ఉందన్న సూచన ఇవ్వదు. షూటింగ్‌లో తెలియనిది ఒకే సంఖ్య కాబట్టి F(s) గ్రాఫును s వెంట గీసి చూస్తే చాలు, సున్నా గీతను అది రెండు చోట్ల కోయడం కంటికే కనిపిస్తుంది.

బలమైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. ట్రోష్ సమస్యగా పేరుపడ్డ y'' = λ sinh(λy), y(0) = 0, y(1) = 1 తీసుకోండి. λ = 5 అయినప్పుడు కావలసిన వాలు 0.04575. ఇక్కడ చిన్న వాలుతో వదిలిన వక్రం సుమారు (1/λ) ln(8/s) దూరంలో అనంతానికి ఎగసిపోతుంది. s = 0.1 అయితే అది 0.88 దగ్గరే జరుగుతుంది. అంటే గుండు రెండో కొసకు చేరదు, F కు విలువే ఉండదు, సవరించడానికి తప్పు కూడా చేతికి రాదు. తెర మీద inf, nan కనిపించడం దీని గుర్తు. సరైన వాలుతో వదిలినా ఆ పేలుడు 1.03 దగ్గర, లక్ష్యానికి ఆవల అతి సమీపంలో పొంచి ఉంటుంది. రెండు కొసల సమస్యగా చూస్తే ఇందులో లోపం ఏమీ లేదు, జవాబు శుభ్రంగా ఉంది. ఒక కొస నుంచే వదలాలని మనం పట్టుబట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మొదట్లో జరిగిన చిన్న తప్పు దూరంతో పాటు ఘాతీయంగా పెరుగుతుంది.

దూరమే శత్రువైతే దూరాన్ని తెంచాలి. మారిసన్, రైలీ, జాంకనారో 1962లో ప్రచురించిన బహుళ షూటింగ్ చేసేది అదే. అంతరాన్ని నాలుగు ముక్కలు చేశామనుకోండి. ప్రతి ముక్క దాని మొదటి కొస నుంచి విడిగా పేలుతుంది. మధ్య మూడు అతుకుల దగ్గర విలువా వాలూ తెలియనివి, మొదట్లో ఒక వాలు తెలియదు, మొత్తం ఏడు. ముందు ముక్క చివర, తర్వాతి ముక్క మొదలు రెండూ అతుకు దగ్గర విలువలోనూ వాలులోనూ కలవాలి కాబట్టి ఆరు షరతులు, రెండో కొస దగ్గర ఒకటి, అవీ ఏడే. ఏడింటినీ న్యూటన్ పద్ధతితో కలిపి సాధిస్తారు. తప్పు పెరగడానికి పావు వంతు దూరమే దొరుకుతుంది.

అయినా ముక్కలు చేసినంత మాత్రాన అంతా సర్దుకోదు. ట్రోష్ సమస్యకు y = x అనే సరళరేఖను తొలి ఊహగా ఇస్తే, 0.75 దగ్గర బయలుదేరిన చివరి ముక్క సుమారు 0.09 దూరం పోయేసరికే పేలిపోతుంది, ఎందుకంటే అసలు వక్రం చాలా దూరం నేలను అంటిపెట్టుకుని చివర్లో మాత్రమే లేస్తుంది. అందుకే రెండు పనులు చేస్తారు. వక్రం నిటారుగా లేచే చివరి వైపు ముక్కలను చిన్నవిగా కోస్తారు. λ = 1 తో మొదలుపెట్టి, ఒక్కో λ కు వచ్చిన జవాబును తర్వాతి λ కు తొలి ఊహగా అందిస్తూ 5 దాకా ఎక్కుతారు. అలా ఎక్కుతుంటే మొదటి వాలు మెట్టు మెట్టుకూ తగ్గుతూ వచ్చి 0.04575 దగ్గర నిలుస్తుంది. సరళరేఖ చెప్పిన వాలు 1, అంటే దీనికి ఇరవై రెట్ల పైమాటే.