చెరువు ఎండగట్టాక చేతికొచ్చేదెంత?

రొయ్యల చెరువుకి బ్యాంకు అప్పు కోసం రాసే ప్రాజెక్టు రిపోర్టులో చివరి గడి ఒకటుంటుంది. ప్రాజెక్టు ముగిశాక సామాను అమ్మితే ఎంతొస్తుంది, వ్యాపారానికి ఇంకా ఎంత విలువ మిగులుతుంది అన్న గడి అది. అందరూ ఆఖర్న, హడావుడిగా నింపేది కూడా అదే. కొందరు కొన్న ధరలో ఐదు శాతం అని వేస్తారు. 2013 కంపెనీల చట్టంలో తరుగుదల లెక్కకు చెప్పిన అంకె అది. పాత జనరేటర్ ఎంతకు అమ్ముడుపోతుందో దానికి తెలియదు. ఇంకొందరు పెద్ద కంపెనీల లెక్క తెచ్చి పెడతారు: ఏటా వచ్చే సొమ్ము మూడు శాతం చొప్పున ఎప్పటికీ పెరుగుతూ పోతుందనుకుని, వడ్డీ పన్నెండు శాతంలోంచి ఆ మూడు తీసేసి, మరుసటి ఏడాది సొమ్మును మిగిలిన తొమ్మిది శాతంతో భాగించడం. ఏటా పన్నెండున్నర లక్షలు మిగిలే చెరువుకి ఈ దారిలో కోటీ నలభై మూడు లక్షల విలువ తేలుతుంది. ఐదేళ్ల కౌలు మీద తీసుకున్న నేలకి!

రొయ్యల చెరువు ఎన్నేళ్లు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ కోస్తా అంతటా టైగర్ రొయ్యల చెరువుల్ని ముంచేసింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ ఊపందుకుంది గానీ, రోగం భయం పోలేదు. అందుకని ‘ఐదేళ్ల తర్వాత ఎంత?’ అని ఒక్కసారి అడిగి ఊరుకుంటే చాలదు. ఏ ఏడాది ఆపాల్సొస్తే ఆ ఏడాది ఎంతొస్తుంది అని ఐదు సార్లు అడగాలి.

లెక్క కోసం ఒక చెరువు ఊహిద్దాం. పెట్టుబడి ముప్పై లక్షలు. గట్లు, తూములకు పది, జనరేటర్‌కు ఏడు, ఏరేటర్లకు ఎనిమిది, మోటార్లు, పంపులు, కేబుళ్లకు ఐదు. గట్లకు పెట్టిన పది లక్షలూ కౌలు నేలలో కలిసిపోయినట్టే. పైగా దిగిపోయేటప్పుడు నేలను చదును చేసి ఇవ్వాలని ఆసామి కాగితంలో రాయించుకుంటే, అందుకో రెండు లక్షలు ఎదురు ఖర్చు. జనరేటర్ సంగతి వేరు. నడిచిన గంటలు చూసి, ఆయిల్ మరకలు చూసి, స్టార్ట్ చేయించి పొగ రంగు చూసి బేరమాడతారు. మొదటి ఏడాది చివర ఐదున్నర, ఐదో ఏడాది చివర మూడుంపావు పైన పలుకుతుందనుకుందాం. ఏరేటర్లు ఉప్పునీళ్లలో తిరిగే సరుకు. గేర్‌బాక్సులు తుప్పుపట్టి, ఫ్యాన్ రెక్కలు విరిగి, ఏడాదికి ఐదు లక్షలకూ, ఐదేళ్లకు ఎనభై వేలకూ దిగుతాయి. కేబుళ్లలోని రాగికి మాత్రం తూకం ధర ఎప్పుడూ ఉంటుంది. ఇవన్నీ కలిపి చదును ఖర్చు తీసేస్తే, మొదటి ఏడాది చివర ఆపితే పదకొండున్నర లక్షలు, రెండో ఏడాదికి 8.8, మూడుకి 6.4, నాలుగుకి 4.6, ఐదుకి మూడున్నర.

మామూలు రిపోర్టు ఐదేళ్లూ నిక్కచ్చిగా ఏటా పన్నెండున్నర లక్షలు వేసుకుని, చదును ఖర్చు మరిచిపోయి, చివర్న సామాను సొమ్ము కలిపి, పన్నెండు శాతం చొప్పున నేటి విలువకు తెస్తుంది. పెట్టుబడి పోగా పద్ధెనిమిది లక్షల లాభం కనిపిస్తుంది. ఇప్పుడు ఏ ఏడాదైనా ఐదింట ఒక వంతు అవకాశంతో రోగం కొట్టి, ఆ ఏడు సొమ్మేమీ రాక, చెరువు ఆపేయాల్సొస్తుందనుకుందాం. అంటే మొదటి ఏడాది గట్టెక్కే అవకాశం ఎనభై శాతం, రెండో ఏడాదీ గట్టెక్కడానికి అరవై నాలుగు, ఐదేళ్లూ నిలబడటానికి ముప్పై మూడు కన్నా తక్కువ. ప్రతి ఏడాది రాబడిని అక్కడిదాకా చేరే అవకాశంతోనూ, ప్రతి ఏడాది సామాను సొమ్మును సరిగ్గా అప్పుడే ఆగే అవకాశంతోనూ గుణించి కలపాలి. రాబడి నుంచి పాతిక లక్షల నలభై వేలు, సామాను నుంచి 4.87 లక్షలు వస్తాయి. పద్ధెనిమిది లక్షలనుకున్న లాభం ముప్పై వేలకు దిగింది. సామాను సొమ్మే లేకపోతే నాలుగున్నర లక్షల పైన నష్టం. ఆయుష్షు ఎంత తగ్గితే ఈ గడి అంత బరువెక్కుతుంది. హడావుడిగా నింపకూడదనేది అందుకే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆగిపోయే ముప్పును ఇలా అవకాశాల్లో పెట్టేశాక, అదే ముప్పు పేరు చెప్పి వడ్డీ శాతాన్నీ పెంచితే ఒకే దెబ్బను రెండుసార్లు లెక్కించినట్టు. రెంటిలో ఒక్కటే చేయాలి.

ఆ ముప్పై వేలైనా నిజమేనా అంటే, ఇంకో మెలిక ఉంది. మనం వేసుకున్న ధరలు మామూలు రోజుల ధరలు. కానీ మనం అమ్మేది మామూలు రోజుల్లో కాదు, రోగం కొట్టాక. రోగం మన గట్టు దగ్గర ఆగదు కనుక పక్క చెరువు రైతు కూడా అదే నెలలో ఏరేటర్లు బయటపెడతాడు. ఏరేటర్ కొనేది ఇంకో రొయ్యల రైతే. ఆయన చేతిలోనూ డబ్బు ఆడని రోజులవి. ఏ కారణంతో ఆపామో ఆ కారణమే మన సరుకు ధరనూ పడగొడుతుంది. ష్లైఫర్, విష్నీ అనే ఆర్థికవేత్తలు 1992లో రాసిన పరిశోధన సారం ఇదే: ఒక రంగానికే పనికొచ్చే ఆస్తిని ఎక్కువ ధర పెట్టి కొనగలిగేవాళ్లు ఆ రంగంవాళ్లే, కష్టం వచ్చినప్పుడు వాళ్లూ కష్టంలోనే ఉంటారు. జనరేటర్‌కు ఈ బాధ లేదు. ఫంక్షన్ హాలుకైనా, ఆసుపత్రికైనా కావాలి. మన చెరువులో రోగంతో ఆపిన ఏడాదుల్లో ఏరేటర్ల ధర మాత్రమే సగానికి తగ్గించి చూస్తే ముప్పై వేల లాభం పోయి యాభై వేల నష్టం వస్తుంది. నా దృష్టిలో రిపోర్టు రాసేవాళ్లు అన్నిటికన్నా తరచుగా వదిలేసేది ఇదే. ప్రతి వస్తువు పక్కనా ‘దీన్ని చెరువు లేనివాళ్లు కొంటారా?’ అని రాసుకుంటే సగం పని అయిపోతుంది.

ఇక ఆపడమనేది రోగం ఒక్కదాని చేతిలోనే ఉండదు, మన చేతిలోనూ ఉంటుంది. రాబిచెక్, వాన్ హోర్న్ 1967లో చెప్పింది అదే: ఏ రోజునైనా నడపడం వల్ల వచ్చేదాని నేటి విలువ కన్నా అమ్మితే వచ్చేది ఎక్కువైతే ఆపేయాలి, ఆ అవకాశానికున్న విలువను మొదటి లెక్కలోనే చూడాలి. రెండేళ్లకే డిల్, లాంగ్ అనే ఇద్దరు దానికో సవరణ చెప్పారు. అమ్మడం లాభమని తేలినంత మాత్రాన ఇప్పుడే అమ్మడం అన్నిటికన్నా లాభమని కాదు.

మన చెరువులోనే చూద్దాం. మూడో ఏడాది చివర రోగం లేదు గానీ రొయ్య ధర పడిపోయింది. ఇప్పుడు అమ్మితే 6.4 లక్షలు. వచ్చే ఏడు రెండు లక్షలే మిగులుతాయి, అప్పుడు అమ్మితే 4.6. రెండూ కలిపి ఇవాళ్టి విలువకు తెస్తే 5.9 లక్షలు. అమ్మేయమనే చెబుతుంది లెక్క. కానీ ఐదో ఏడు ధర కోలుకుని ఐదు లక్షలు మిగిలేటట్టుంటే? నాలుగో ఏడు రెండు, ఐదో ఏడు ఐదు, చివర్న సామాను మూడున్నర, ఇవాళ్టి విలువలో ఎనిమిదిన్నర లక్షల పైమాటే. ఉంచుకోవాలి. ఒక్క ఏడాది మాత్రమే ముందుకు చూసిన రైతు మంచి చెరువును తొందరపడి అమ్ముకుంటాడు. ‘ఎప్పటికో కోలుకుంటుంది’ అని అంకె వేయకుండా కూర్చున్నవాడు ఏరేటర్లు తుక్కయ్యేదాకా కూర్చుంటాడు.

ఐదింట ఒక వంతు అన్నది మాత్రం మన ఊహే. పదింట ఒక వంతు అనుకుంటే, ఏరేటర్లను సగం ధరకే లెక్కేసినా ఏడు లక్షల లాభం కనిపిస్తుంది. ఒక్క ఊహ మీద ఇంత తేడా వస్తున్నప్పుడు బ్యాంకుకి ఒకే ఒక లాభం అంకె ఇవ్వడం కన్నా, ఏడాదికి ఎంత ముప్పుదాకా ఈ చెరువు పెట్టుబడిని తిరిగి తెస్తుందో రాసివ్వడం మేలు. మన ఉదాహరణలో అది ఇరవై శాతానికి కాస్త కింద. ఆ కాలువ వెంట గత పదేళ్లలో ఏ చెరువు ఎన్నిసార్లు ఎండిందో చుట్టుపక్కల రైతులకు తెలుసు. వాళ్లను అడిగి, ఆ సంఖ్యను ఈ హద్దు పక్కన పెట్టి చూడొచ్చు.