అంచు గీత వెంట ఒక్కడే

2021 జులై 11. లండన్‌లోని వెంబ్లీ మైదానంలో యూరో కప్ ఫైనల్ మొదలై ఇంకా రెండు నిమిషాలు నిండలేదు. ఇంగ్లండ్ సగంలో ఎడమ పక్కన ఉన్న ల్యూక్ షా, బంతిని హ్యారీ కేన్‌కు అందించాడు. కేన్ వెనక్కి తిరిగి, దాన్ని మైదానానికి అడ్డంగా కుడి పక్కకు, కీరన్ ట్రిప్పియర్‌కు పంపాడు. ట్రిప్పియర్ తొందరపడలేదు. తలెత్తి చూసి, ఇటలీ గోల్ ముందు గుమిగూడిన వాళ్లందరి తలల మీదుగా అవతలి పోస్టు వైపు క్రాస్ వేశాడు. అక్కడ ఎదురు చూస్తున్నది ల్యూక్ షానే. బంతి నేలను తాకి లేస్తుండగానే ఎడమ కాలితో కొట్టాడు. దేశం తరఫున అతనికి అదే మొదటి గోల్. యూరో ఫైనల్స్‌లో అంత త్వరగా పడిన గోల్ అప్పటికి ఇంకొకటి లేదు.

క్రాస్ వేసినవాడూ, గోల్ కొట్టినవాడూ ఆ రోజు జట్టు జాబితాలో రక్షణ ఆటగాళ్లే. ఇద్దరూ వింగ్‌బ్యాక్‌లు.

వెనుక ఐదుగురిని నిలిపే పద్ధతిలో మధ్యలో ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు, రెండు చివర్లలో ఇద్దరు వింగ్‌బ్యాక్‌లు ఉంటారు. పెద్ద మైదానాల వెడల్పు 68 మీటర్లు. నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 17 మీటర్లు వస్తాయి. ఐదుగురైతే సుమారు 14కు దిగుతాయి. గోల్ ముందు సందులు మూసుకుపోతాయి. అయితే వెనుక ఒకణ్ని పెంచినందుకు ముందు ఎక్కడో ఒకణ్ని వదులుకోవాలి. సాధారణంగా వదులుకునేది అంచుల్లోనే. నలుగురి పద్ధతిలో ప్రతి అంచునా ఫుల్‌బ్యాక్ ఒకడు, అతని ముందు వింగర్ ఒకడు ఉంటారు. ఇక్కడ ఆ ఇద్దరి పనీ ఒక్కడిదే. 105 మీటర్ల అంచు గీత పొడవునా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు అతనొక్కడే.

మొత్తం ఎంత దూరం పరిగెత్తాడన్న లెక్క కన్నా, ఆ పరుగు తీరే అతన్ని ఎక్కువ అలసటకు గురిచేస్తుంది. మధ్యలో ఆడేవాడు కూడా బోలెడంత దూరం తిరుగుతాడు. అతని పరుగులు చాలావరకు చిన్నవి. వింగ్‌బ్యాక్ పూర్తి వేగంతో యాభై, అరవై మీటర్లు దూసుకుపోతాడు. క్రాస్ అవతలివాళ్ల చేతికి చిక్కిందంటే ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా అంతే వేగంతో వెనక్కి రావాలి. అందుకే ఈ స్థానంలో ఆడేవాళ్లను రెండో సగం మధ్యలోనే మార్చడం తరచూ కనిపిస్తుంది. అదే టోర్నీలో మ్యూనిక్‌లో పోర్చుగల్‌పై జర్మనీ 4-2తో గెలిచిన రోజున రోబిన్ గోసెన్స్ అరవయ్యో నిమిషంలో తలతో గోల్ కొట్టి, కాసేపటికే బయటకు వెళ్లాడు. ఆ గోల్‌కు క్రాస్ వేసింది కుడి వింగ్‌బ్యాక్ యోషువా కిమ్మిష్.

రెండు మ్యాచ్‌ల్లోనూ ఒకే కిటుకు పనిచేసింది. ముగ్గురు ఫార్వర్డ్‌లు మధ్యలో దగ్గరదగ్గరగా నిలబడేసరికి అవతలి జట్టు నలుగురు డిఫెండర్లూ లోపలికి ముడుచుకుంటారు. బంతి ఒక అంచున ఉంటే అందరి చూపూ అటే. అప్పుడు రెండో అంచు నుంచి వచ్చే ఐదోవాణ్ని పట్టుకునేందుకు మనిషి మిగలడు. అతన్ని వెంటాడాల్సింది అవతలి వింగర్. గోల్ దాకా వెనక్కి పరిగెత్తడం వింగర్లలో చాలామందికి అలవాటు లేని పని. ఫైనల్లో ఇటలీ కుడి బ్యాక్ డి లొరెంజో లోపలికి జరిగి ఉండగా షా ఒంటరిగా దొరికింది అలాగే.

ఎప్పుడు కదలాలన్న తెలివి కూడా కాళ్లంత ముఖ్యమే. షా పరుగును మళ్లీ చూస్తే అది తెలుస్తుంది. కేన్‌కు బంతి ఇచ్చాక అతను ఆగి చూడలేదు. బంతి ఎదుటి అంచుకు వెళుతుండగానే ముందుకు సాగాడు. ట్రిప్పియర్ క్రాస్ వేసేదాకా ఆగి బయలుదేరి ఉంటే బంతి అతనికి అందేది కాదు.

కాపలాలో లెక్క వేరు. ఐదుగురూ ఎప్పుడూ ఒకే గీత మీద నిలబడరు. నిలబడకూడదు కూడా. బంతి కుడి అంచుకు వస్తే కుడి వింగ్‌బ్యాక్ గీత వదిలి ముందుకెళ్లి దాన్ని అడ్డుకుంటాడు. ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు కుడికి జరుగుతారు. ఎడమ వింగ్‌బ్యాక్ లోపలికి వచ్చి నాలుగోవాడవుతాడు. బంతి ఎడమకు తిరిగితే అంతా తారుమారు. తక్కెడలో ఒక తట్ట పైకి లేస్తే రెండోది దిగినట్టే ఈ కదలిక. ఇద్దరూ ఒకేసారి లేచిపోతే మిగిలేది ముగ్గురే. వాళ్ల పక్కల ఖాళీలోకి ఒక్క పొడవాటి పాస్ పడితే చాలు.

కాపలా నుంచి దాడికి మారడం ఎంత వేగంగా జరుగుతుందో అదే టోర్నీలో జర్మనీతో ఇంగ్లండ్ ఆడిన మ్యాచ్ చూపింది. గ్రూప్ దశలో వెనుక నలుగురితో ఆడించిన కోచ్ గారెత్ సౌత్‌గేట్ ఈసారి ఐదుగురి పద్ధతికి మారి గోసెన్స్, కిమ్మిష్‌లకు ఎదురుగా షా, ట్రిప్పియర్‌లను నిలిపాడు. ప్రతివాడికీ ఎదురు ఒకడు. 86వ నిమిషంలో షా, గ్నాబ్రీ నుంచి బంతి లాక్కుని, తానే మోసుకుంటూ ముందుకు దూసుకెళ్లి గ్రీలిష్‌కు ఇచ్చాడు. గ్రీలిష్ క్రాస్‌ను కేన్ తలతో గోల్‌లోకి నెట్టాడు. బంతి లాక్కోవడమూ, దాడి మొదలుపెట్టడమూ ఒకే పరుగులో ముగిశాయి.

మళ్లీ ఫైనల్‌కు వద్దాం. ఆ పద్ధతి బలహీనత బయటపడింది కూడా ఆ రాత్రే. గోల్ పడ్డాక ఇంగ్లండ్ కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. ఇటలీ మధ్యలో జోర్జిన్హో, వెరాట్టి, బరెల్లా ముగ్గురు. ఇంగ్లండ్‌కు రైస్, ఫిలిప్స్ ఇద్దరే. ఆ లోటు వల్ల బంతి ఎక్కువసేపు ఇటలీ దగ్గరే ఉండిపోయింది. రెండో సగంలో ఇటలీ కోచ్ మాన్చీని తన సెంటర్ ఫార్వర్డ్ ఇమ్మోబిలేను తీసేసి, ఇన్సీన్యేను మధ్యలో కాస్త వెనుకగా ఆడించాడు. ముగ్గురు ఇంగ్లిష్ సెంటర్‌బ్యాక్‌లకు పట్టుకోవడానికి మనిషే లేకుండా పోయాడు. వాళ్లు ముందుకు రాలేరు, వెనుక చేసే పనీ లేదు. ఇలాంటప్పుడు వింగ్‌బ్యాక్‌లు చూస్తూ చూస్తూ ఫుల్‌బ్యాక్‌లైపోతారు.

టీవీలో చూసేవాళ్లకు దీన్ని పసిగట్టడం కష్టమేమీ కాదు. జట్టు బంతిని గెలుచుకున్న క్షణంలో వింగ్‌బ్యాక్ ఎక్కడ ఉన్నాడో చూడాలి. సెంటర్‌బ్యాక్‌ల గీత కన్నా పది, పదిహేను మీటర్లు ముందుంటే పాస్ అందుకుని పైకి పోగలడు. వాళ్ల పక్కనే నిలబడి ఉంటే అవతలి గోల్ అతనికి చాలా దూరం. ముందున్నవాళ్లు ఒంటరైపోతారు. తన్నిన బంతి మళ్లీ వెనక్కే వస్తుంది. ఆ రాత్రి ఇంగ్లండ్‌కు జరిగింది అదే. 67వ నిమిషంలో ఓ కార్నర్ నుంచి బొనూచీ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు.

సౌత్‌గేట్ 70వ నిమిషంలో ట్రిప్పియర్‌ను బయటకు పిలిచి వింగర్ సాకాను పంపి, నలుగురి పద్ధతికి మారాడు. పెనాల్టీల్లో ఇటలీ 3-2తో గెలిచింది. గంటకు పైగా ఆధిక్యంలో ఉండీ వింగ్‌బ్యాక్‌లను వెనకే ఉంచేయడం కన్నా, రెండో సగం మొదట్లోనే మూడో మిడ్‌ఫీల్డర్‌ను దించి వాళ్లిద్దరినీ మళ్లీ పైకి పంపి ఉంటే బాగుండేది. అవతలి పోస్టు దగ్గర షా ఎంత ప్రమాదకారో ఇటలీకి రెండో నిమిషంలోనే తెలిసింది. డి లొరెంజోకు ఆ తర్వాత అతని గురించి పెద్దగా భయపడాల్సిన అవసరం రాలేదు.