స్లైడు నుంచి గోడ నోటీసు దాకా

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ పనులను ఊరివాళ్ల ముందు పెట్టడమే వాటి ఉద్దేశం. అలాంటి సభకు తయారుచేసిన స్లైడ్లను పిఠాపురం చుట్టుపక్కల పల్లెల్లో అందరూ చదవగలిగే నోటీసుగా మలిచే పంచాయతీ ఉద్యోగి పనితనం నాకెంతో ఇష్టం.

స్లైడులో ‘సీసీ రోడ్డు, 0.25 కి.మీ., ప్రతిపాదన’ అని ఉందనుకుందాం. మంచి చేతిలో అది ఇలా మారుతుంది: ‘రామాలయం నుంచి చెరువుగట్టు దాకా 250 మీటర్ల సిమెంటు రోడ్డు కావాలని అడుగుతున్నాం. ఇంకా మంజూరు కాలేదు. మీ అభిప్రాయం సభలో చెప్పండి.’ కొలతకు ఊరి గుర్తులు తోడయ్యాయి. పని ఏ దశలో ఉందో దాచకుండా తెలిసింది.

ఎక్కువ నోటీసుల్లో తప్పు జరిగేది పని దశ చెప్పే దగ్గరే. ‘రోడ్డు వేస్తారు’ అని రాస్తే జనం కంకర కోసం ఎదురుచూస్తారు, ఆనక పంచాయతీని నిలదీస్తారు. అందుకే అనుభవమున్నవాళ్లు అతికించేముందు ఆ వీధి మనిషి ఒకరితో చదివించి, ఏం అర్థమైందని అడుగుతారు. ‘పని ఎప్పుడు మొదలండీ?’ అన్న ప్రశ్న వస్తే మళ్లీ రాస్తారు.

మంచి నోటీసులో సభ తేదీ, వేళ, చోటు అన్నిటికన్నా పైన, పెద్దక్షరాల్లో ఉంటాయి. చదవలేనివాళ్లకు అవే మాటలు దండోరాలో వినిపిస్తాయి. బిగ్గరగా చదవడానికి వీలుగా రాసిన వాక్యమే రెండు చోట్లా పనికొస్తుంది.